ఎవరిదీ కాని వరుస

హైమావతికి తన మేనమామ దశరథరామయ్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన జన్మలో తప్పు చేయడు.

రైలు తప్పిపోయిందంటే అది వేళకు ముందే వెళ్లిపోయినట్టు. గొడుగు పోయిందంటే గొడుక్కి బుద్ధి లేనట్టు. ఓసారి పులుసులో ఉప్పు ఎక్కువైందని కంచం ముందు నుంచి లేచాడు. "వేసింది మీరేగా, నేను దొడ్లో ఉంటే" అని అత్తయ్య గంగరత్నం గుర్తు చేసింది. "ఈ మధ్య ఉప్పు మహా ఘాటుగా వస్తోంది" అన్నాడు. చిన్నప్పుడు ఆయనతో గవ్వలాట ఆడి ఓడిపోని పిల్ల చుట్టాల్లో లేదు. ఓడిపోబోతే ఆయనకు ఆట నియమం ఒకటి కొత్తగా గుర్తొచ్చేది.

అయినా బి.ఏ. పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న హైమావతికి ఉద్యోగం చూపించింది ఆయనే. బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెలకు కరెంటు ఇచ్చే ఒక సహకార సంఘంలో ఆయన బాపట్ల సెక్షను ఆఫీసరు. సంఘం పెద్దాఫీసు తెనాలిలో, మోరిస్‌పేటలో ఒక సైకిల్ షాపు పైన. అక్కడ 1973లో హైమావతి గుమాస్తాగా చేరింది. చేరిన నెలకే ఇంజనీరు ప్రభుదాస్ గారు ఆమెకు ఒక బల్ల అప్పగించారు.

రాసుకునే బల్ల కాదు, గోడకు కొట్టిన బల్ల. దాని మీద నాలుగు వరుసలు: తెనాలి, అమృతలూరు, బాపట్ల, రేపల్లె. ఒక్కో వరుసలో ఆ సెక్షను లైన్‌మెన్ల, హెల్పర్ల పేర్ల చీటీలు, ప్రతి పేరు కింద రెండు మేకులు, మేకుకో అట్టముక్క. సంఘంలో పనిచేసే ప్రతివాడూ తప్పకుండా నేర్చుకోవాల్సినవి రెండు. ఒకటి లైన్ క్లియరు, అంటే స్తంభం ఎక్కే ముందు కరెంటు ఆపించి, ఆపినట్టు కాగితం చేతికి తీసుకుని, తీగ పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా తీగను ఎర్త్ చేయడం, అంటే భూమికి కలపడం. అది రెండేళ్లకోసారి. రెండోది ప్రథమ చికిత్స, షాకు కొట్టినవాణ్ణి ఎండుకర్రతో విడదీసి, బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కి ఊపిరి ఆడించడం. అది ఏటా. కొత్తగా చేరినవాడు ఆరు నెలల్లోపు రెండూ పూర్తి చేయాలి. క్లాసు తెనాలిలోనే, మూడు రోజులు.

అట్టముక్కకు ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. తెల్లవైపు గడువు తేదీ రాసి ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే హైమావతి స్టూలెక్కి, గడువు దాటినవాళ్ల అట్టలు ఎరుపుకు తిప్పి, సెక్షన్లవారీగా జాబితా టైపు చేసేది. ఎర్ర అట్ట ఉన్నవాడు కింద నిలబడి సామాన్లు అందించాలే తప్ప లైను మీద చెయ్యి వేయకూడదు. అది ఇంజనీరుగారు పెట్టిన కట్టడి. ఆయన ఇంకో ఆచారమూ పెట్టారు. నెలవారీ మీటింగులో ఒక్కో సెక్షను ఆఫీసరు లేచి బల్ల దగ్గరికి వెళ్లి, తన వరుసలోని ఎర్ర పేర్లు తన నోటితోనే చదవాలి.

"జాబితా చేతికిస్తే మడిచి జేబులో పెట్టుకుంటారమ్మా. నోటితో చదివితే ఇంటిదాకా గుర్తుంటుంది" అనేవారు ప్రభుదాస్ గారు.

ఏడాది పొడుగునా ఎరుపు లేని వరుసకు ఒక షీల్డు. మొదటి షీల్డు దశరథరామయ్య పట్టుకెళ్లాడు. బాపట్లలో ఆయన ఇంటి ముందుగదిలో దేవుడి పటాల సరసన దానికీ చోటు దొరికింది. దసరాకు దానికీ బొట్టు పెట్టారు.

ఆ బల్లకు హైమావతి స్వయంగా చేర్చిన నియమం కూడా ఒకటి ఉంది. సరిగ్గా చెప్పాలంటే ఒక ఆదివారం మామయ్య ఇంట్లో పెసరట్టు తింటుండగా ఆయన చెబితే ఆమె చేర్చింది.

"నా మనిషిని రేపల్లెవాళ్లకు పనిసాయానికి పంపాననుకో. వాడు నా దగ్గర లేడు. వాడి ఎరుపు నా నెత్తినెందుకమ్మాయ్?"

"పోనీ రేపల్లె వరుసలో తగిలించనా?"

"వాళ్ల మనిషి కాదు కదా, వాళ్లెందుకు ఒప్పుకుంటారు? పేరు చీటీ, అట్టలు దింపి కవర్లో పెట్టు. వాడు తిరిగొచ్చాక మళ్లీ తగిలించు. బి.ఏ. చదివావు, ఈ మాత్రం తోచలేదూ?"

తోచలేదని చెప్పడానికి ఆ బి.ఏ. అడ్డొచ్చింది. మర్నాడు ప్రభుదాస్ గారిని అడిగితే, ఆయన ఏదో ట్రాన్స్‌ఫార్మరు గొడవలో ఉండి "నీకెలా సులువైతే అలా చెయ్యమ్మా" అన్నారు. అప్పటి నుంచి అరువు వెళ్లినవాళ్ల అట్టలు హైమావతి సొరుగులో ఒక గోధుమరంగు కవర్లో ఉండేవి.

*

1974 నవంబరు మొదటి వారంలో గాలివానకు రేపల్లె దగ్గర నగరం అనే ఊరి వైపు తీగలు తెగాయి. రెండో తారీఖున రేపల్లె సెక్షను లైన్‌మన్ వీరాస్వామి ఒక పల్లె శివారున స్తంభం ఎక్కాడు. కింద సాయానికి ఉన్నవాడు బాపట్ల నుంచి అరువొచ్చిన హెల్పరు సింగరయ్య. "ఆ వైపు స్తంభం దగ్గర తీగను ఎర్త్ చెయ్యరా" అని వీరాస్వామి చెప్పాడు. ఎర్త్ అంటే స్విచ్చి దించడమే అనుకున్నాడు సింగరయ్య. వెళ్లి చూస్తే స్విచ్చి ముందే దించి ఉంది. "అయిందన్నా" అని కేకేశాడు.

ఆ లైను చివర ఒక రైసుమిల్లు ఉంది. కరెంటు లేదని మిల్లువాళ్లు తమ జనరేటరు ఇంజను తిప్పుకున్నారు. తమ మెయిను స్విచ్చి దించి లైను నుంచి విడదీయడం మరిచిపోయారు. ఆ కరెంటు వెనుదారి పట్టి లైన్లోకి వచ్చింది. తీగ భూమికి కలిపి ఉంటే అది భూమిలోకే పోయేది. వీరాస్వామి చేతిలోకి పోయింది.

పడ్డవాడికి ఊపిరి ఆడలేదు. మిల్లు ఇంజను డ్రైవరు పరుగెత్తుకొచ్చి, ఎక్కడో మిలిటరీలో నేర్చుకున్నట్టు బోర్లా తిప్పి వీపు నొక్కాడు. ఊపిరి తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం గుంటూరు ఆస్పత్రిలో మోచేతి పై నుంచి తీసేశారు. ముప్పై రెండేళ్లవాడు. ఇద్దరు పిల్లలు.

వారం తిరిగేలోపు దశరథరామయ్య రిపోర్టు వచ్చింది. దాన్ని ఇంజనీరుగారికి అందించే ముందు ఫైల్లో పెట్టింది హైమావతే. "హెల్పరు సింగరయ్య శిక్షణ గడువులు దాటినవాడు కాడు. నెలవారీ జాబితాలే సాక్ష్యం. ఇది కేవలం అతని నిర్లక్ష్యం. ఉద్యోగం నుంచి తొలగించవలసిందిగా సిఫార్సు." కింద ఆ ఏడాది జాబితాలు జతచేసి ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ ఒకే ముక్క: బాపట్ల, గడువు దాటినవారు, లేరు. పక్కన హైమావతి పొట్టి సంతకం.

శుక్రవారం మధ్యాహ్నం సింగరయ్య ఆఫీసుకొచ్చాడు. సూర్యలంక వైపు పల్లెకారుల కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్ల ఇళ్లల్లో వలకు, పడవకు పోకుండా నెలజీతం ముఖం చూసినవాడు అతనొక్కడే. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, లోపలికొచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా బల్ల ముందు నిలబడ్డాడు. బాపట్ల వరుసలో వేలు పెట్టి పేరు పేరూ చదువుకుంటూ వెళ్లాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

"ఏంటయ్యా వెతుకుతున్నావు?" అంది హైమావతి.

"నా పేరండి, అమ్మగారూ. సింగరయ్యనండి. మా ఆఫీసరుగారు 'నువ్వు అన్నీ నేర్చుకున్నట్టు తెనాలి బల్ల మీద ఉంది, ఇంక బుకాయించకు' అన్నారండి. ఉందేమో చూద్దామనొచ్చాను."

"క్లాసుకు రాలేదూ నువ్వు?"

"పిలిస్తే రానాండి? ఈ నెల నీటి మోటార్ల పని, వచ్చే బ్యాచీకి పంపుతాననేవారు. ఆ బ్యాచీ వస్తే రేపల్లె పొమ్మనేవారు." అతను బల్ల వంకే చూస్తున్నాడు. "వీరాస్వామన్న పడిపోయాడండి. నేను అక్కడే ఉన్నాను. నీళ్లు చల్లాను. పేరు పెట్టి పిలిచాను. ఇంకేం చెయ్యాలో తెలవక నిలబడిపోయానండి. ఆ మిల్లాయన వీపు నొక్కుతుంటే, కొడుతున్నాడేమో అనుకుని చెయ్యి పట్టి లాగబోయాను."

హైమావతి చేతిలోని కలం కింద పెట్టింది.

"ఉద్యోగం పోతే పోయిందిలెండి, సముద్రం ఎక్కడికీ పోదు. కానీ అన్నీ తెలిసి అన్న చెయ్యి పోగొట్టానని రాశారంటగా? ఆ పిల్లలు నన్ను చూస్తే ఏమనుకుంటారండి? ఇందులో నా పేరు ఏదమ్మగారూ?"

అతను వెళ్లాక ఆమె సొరుగు తెరిచింది. కవరు అడుగున సింగరయ్య అట్టలు రెండూ ఉన్నాయి. తన దస్తూరీయే. గడువు: 1974 మార్చి 1. తర్వాత క్లాసు హాజరుపుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసింది. ఆ పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాత, మనిషిని అరువు పంపుతున్నట్టు బాపట్ల నుంచి వచ్చిన ఉత్తరాల ఫైలు తీసింది. మార్చి నుంచి నవంబరు వరకు ప్రతి నెలకూ ఒక ఉత్తరం. వెళ్లేది నెలాఖరున, తిరిగొచ్చేది నాలుగో తారీఖునో ఐదో తారీఖునో. ఒకటో తారీఖున, ఆమె స్టూలెక్కే పొద్దున మాత్రం, సింగరయ్య ఏ వరుసలోనూ లేడు. నవంబరులో మాత్రం వాడు తిరిగొచ్చేలోపే గాలివాన వచ్చింది, అంతే తేడా.

సింగరయ్య ఒక్కడే కాదు. బర్నబాస్, సింగయ్య అనే మరొకడు, హనుమంతరావు, వెంకటరాఘవయ్య. ఐదుగురు. నెలాఖరుకల్లా బాపట్లలో ఎర్రబడబోయే ప్రతివాడికీ రేపల్లెలో పని పడేది. పంపినవాడికి వరుస తెల్లగా ఉండేది. తీసుకున్నవాడికి ఊరికే మనిషి దొరికేవాడు. అతను ఎర్ర అట్టవాడని చెప్పాల్సిన అట్ట మాత్రం తెనాలిలో, ఆమె సొరుగులో, పెన్సిలు ముక్కల పక్కన నిద్రపోయేది.

తిరిగొచ్చాక తగిలించేటప్పుడైనా గడువు చూడవచ్చు. చూడలేదు. తిప్పడం ఒకటో తారీఖు పని, తగిలించడం ఐదో తారీఖు పని. ఐదో తారీఖున ఆమె తగిలించడమే చేసింది, తెల్లవైపు ముందుకు పెట్టి.

*

ఆదివారం పొద్దున బండికి హైమావతి బాపట్ల వెళ్లింది. గంగరత్నం వాకిట్లో వడియాలు పెడుతోంది.

"ఏంటే, కబురైనా లేకుండా? మీ మామయ్య లోపల షీల్డు తుడుచుకుంటున్నారు. నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదమ్మా ఏనాడూ."

దశరథరామయ్య నిజంగానే తుడుస్తున్నాడు. హైమావతి ఆయన ముందు కుర్చీలో ఉత్తరాలన్నీ వరుసగా పరిచింది, పైన ఐదుగురి అట్టలూ పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఒక్కో ఉత్తరం మీద తేదీ చదివాడు.

"పనుంది, పంపాను" అన్నాడు చివరికి.

"ప్రతి నెలా ముప్పైయో తారీఖునేనా మామయ్యా?"

"రేపల్లెవాళ్లకు అప్పుడే పని పడేది."

"ఐదో తారీఖుకల్లా అయిపోయేదా?"

ఆయన గుడ్డ విసిరికొట్టాడు. "నేనేం చెయ్యను? ఒక్కో మనిషినీ మూడేసి రోజులు తెనాలిలో కూర్చోబెడితే ఇక్కడ మోటార్లు ఎవడు చూస్తాడు? రైతులు నా గుమ్మం ముందు కూర్చుంటారు, మీ ఇంజనీరు గుమ్మం ముందు కాదు. ఏ ఆఫీసరైనా చేసే పనే ఇది. ఎవడి చెయ్యో తీసెయ్యాలని చేశానా?"

"చేశావనలేదు. సింగరయ్య నేర్చుకున్నాడని మాత్రం రాశావు."

"జాబితాలో లేడుగా. జాబితా ఎవరు టైపు చేశారు? అట్టలు దించింది ఎవరు?"

"నేనే."

ఆ జవాబు ఆయన ఊహించలేదు. ఎదుటివాళ్లు కాదంటేనే ఆయనకు మాట అందేది.

"నేనే దించాను, నేనే తెల్లగా తగిలించాను. రేపు మీటింగులో అదే చెబుతాను. నువ్వు చెప్పిన నియమమని చెప్పను. నువ్వు నియమం చెప్పావంతే. తోచలేదని ఒప్పుకోలేక చేసింది నేను."

"నీ ఉద్యోగం పోతుందే పిచ్చిమొద్దూ!"

"పోతే పోతుంది. ఆ అబ్బాయి కూడా అదే అన్నాడు. అతనికి సముద్రమైనా ఉంది."

గుమ్మంలో నిలబడ్డ గంగరత్నం చేతులకు పిండి అలాగే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆయన తప్పుల మీద జోకులు వేసిన మనిషి ఈసారి జోకు వేయలేదు. "ఆ వీరాస్వామి భార్య పేరేంటండీ?" అని మాత్రం అడిగింది. దశరథరామయ్యకు తెలియదు. "రత్తాలట" అంది ఆమె, "పాలమనిషి చెప్పింది." వడియాల దగ్గరికి వెళ్లిపోయింది.

అన్నం తినకుండానే హైమావతి బయల్దేరింది. ఆయన ఆపలేదు.

*

సోమవారం ఆమె గంట ముందే ఆఫీసుకు వెళ్లింది. కింద సైకిల్ షాపులో సుత్తి అడిగి తెచ్చుకుంది. బల్లలో రేపల్లె వరుస కింద జానెడు ఖాళీ ఉంది. అక్కడ పది మేకులు కొట్టింది. ఐదు పేర్లు రాసి, పేరుకు రెండు చొప్పున అట్టలు తగిలించింది, ఎర్రవైపు ముందుకు. వరుస మొదట సెక్షను పేరు రాసేచోట ఏమి రాయాలో తెలియక వదిలేసింది.

పదింటికి ప్రభుదాస్ గారు, నలుగురు సెక్షను ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు. సింగరయ్యను బయట వరండాలో ఉండమన్నారు. తలుపు తెరిచే ఉంది. దశరథరామయ్య మామూలుగా ముందు వరుసలో కూర్చునేవాడు. ఆ రోజు కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ముందు సింగరయ్య సంగతి తేల్చేద్దాం" అన్నారు ప్రభుదాస్ గారు, రిపోర్టు చేతిలోకి తీసుకుని.

"ముందు బల్ల చదివించండి సార్" అంది హైమావతి. ఆ గదిలో ఆమె అడగకుండా మాట్లాడడం అదే మొదటిసారి.

ఆయన తలెత్తి బల్ల చూశారు. ఐదో వరుస చూశారు. అట్టలు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి.

"సరే. చదవండి."

తెనాలి ఆఫీసరు లేచి రెండు పేర్లు చదివాడు. అమృతలూరాయన ఒక పేరు చదివాడు. బాపట్ల వంతు వచ్చింది. దశరథరామయ్య లేచాడు. ఆ వరుసలో తగిలినవన్నీ తెల్లవే. "లేరు" అని కూర్చున్నాడు. ఎప్పుడూ గట్టిగా అనే మాట, ఈసారి పక్కవాడికి కూడా సరిగా వినిపించలేదు. రేపల్లె ఆఫీసరు మూడు పేర్లు చదివి, ఐదో వరుస వంక ఒకసారి చూసి వచ్చి కూర్చున్నాడు.

"ఇది ఎవరి వరుస?" అన్నారు ప్రభుదాస్ గారు.

ఎవరూ లేవలేదు.

"రేపల్లె?"

"మా మనుషులు కారండి. అరువొచ్చినవాళ్లు. ఎరుపని మాకు తెలియదండి. తెలిస్తే లైను దగ్గరికి రానిస్తామా?"

"హైమావతీ?"

ఆమె నిలబడింది. కవరు సంగతి చెప్పింది. ఒకటో తారీఖు, ఐదో తారీఖు సంగతి చెప్పింది. ఈ ఐదుగురి పేర్లు ఈ ఏడాది జాబితాల్లో రాకపోవడానికి తానే కారణమని, సింగరయ్య ఏ క్లాసుకూ రాలేదని, హాజరుపుస్తకం తన టేబులు మీదే ఉందని చెప్పింది. నెలాఖరు ఉత్తరాల మాట ఎత్తలేదు. అవి ఫైల్లో ఉన్నాయి. ఫైలు ప్రభుదాస్ గారి మోచేతి కింద ఉంది.

ఆయన దాన్ని తెరవలేదు. "సరే, అట్టలు దింపిన తప్పు నీది. రాసుకుంటాను. కానీ ఆచారం ఆచారమేనమ్మా. ఈ పేర్లు ఎవరో ఒక ఆఫీసరు చదవాలి. చదివేదాకా మీటింగు కదలదు."

కింద షాపులో ఎవరో సైకిలు చక్రం తిప్పి చూస్తున్నారు. ఆ చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. వరండాలో సింగరయ్య గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

దశరథరామయ్య లేచాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల దగ్గరికి వెళ్లాడు. కింది వరుస కాబట్టి వంగాల్సి వచ్చింది.

"బాపట్ల సెక్షను" అన్నాడు. ఖాళీగా వదిలేసిన సెక్షను పేరు చోట వేలు పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "బాపట్ల సెక్షను. గడువు దాటినవారు. బర్నబాస్. సింగయ్య. హనుమంతరావు. వెంకటరాఘవయ్య."

ఐదో పేరు దగ్గర ఆగాడు. ఆ అట్టను వేలితో పట్టుకుని తిప్పి తెల్లవైపున్న గడువు చూశాడు, మళ్లీ ఎరుపుకు తిప్పాడు. తలుపు వైపు తిరిగాడు. చదవాల్సింది బల్ల వైపు చూసి కదా అని రేపల్లె ఆఫీసరు అనుకున్నాడు గానీ, ఆయన మాత్రం వరండాలో ఉన్నవాణ్ణి చూస్తూనే చదివాడు.

"సింగరయ్య. రెండు క్లాసులూ. ఎనిమిది నెలలు."

సింగరయ్య తలెత్తాడు.

"ఒకటో తారీఖు దాటించడానికే ప్రతి నెలా నిన్ను పంపేశానురా" అన్నాడు దశరథరామయ్య. "నీకేమీ నేర్పలేదు. నేర్పానని రాశాను. ఆ రిపోర్టు అబద్ధం. వీరాస్వామి చెయ్యి నీవల్ల పోలేదు. తప్పు నాది."